డిన్నర్ హాల్ట్‌లో దిగారా? చీకట్లో మీ బస్సు ఏదో, ఎన్నింటికి తీస్తారో ఇలా తెలుసుకోండి.. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రయాణికులు చేసే పొరపాటు ఇదే!

రాత్రి 11 దాటింది. హైదరాబాద్ - విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి పరిసరాల్లో ఓ పెద్ద హోటల్. ముందు పది పన్నెండు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. అన్నీ పొడుగాటి తెల్ల బస్సులే. లోపల లైట్లు ఆర్పేశారు, కిటికీలకు కర్టెన్లు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చిన ప్రయాణికుడికి ఒక్కసారిగా గుండె జారుతుంది. ఇందాక దిగిన బస్సు ఏది? దిగిన చోట ఇప్పుడు వేరే బస్సు ఉంది!

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వైపు వెళ్లే రాత్రి బస్సుల్లో తిరిగేవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు. పండగ రోజుల్లో అయితే మరీనూ. దీనికి కారణం ప్రయాణికుడి మతిమరుపు ఒక్కటే కాదు. హాల్ట్ నడిచే తీరులోనే కొన్ని చిక్కులున్నాయి. అవేంటో తెలిస్తే పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.

దిగిన చోటు గుర్తుపెట్టుకుంటే ఎందుకు లాభం లేదు?

దాదాపు అందరూ చేసే పని ఒకటే. బస్సు దిగగానే చుట్టూ చూసి 'కిళ్లీ షాపు ఎదురుగా' అనో, 'మూడో బస్సు మనది' అనో గుర్తు పెట్టుకుంటారు. అసలు పొరపాటు అక్కడే. చాలా హోటళ్ల దగ్గర డ్రైవర్ ముందు మెట్ల దగ్గర జనాన్ని దింపేస్తాడు. తర్వాత బస్సును వెనక పార్కింగ్‌లోకి తీసుకెళ్తాడు, లేదంటే పక్కన బంకులో డీజిల్ కొట్టించడానికి వెళ్తాడు. ఈలోపు ముందున్న రెండు బస్సులు కదిలితే 'మూడో బస్సు' కాస్తా మొదటిది అవుతుంది.

రంగు చూసి పోల్చుకుందామన్నా కష్టమే. ఒకే ట్రావెల్స్ బస్సులన్నీ ఒకే రంగు, ఒకే బొమ్మ, ఒకే అక్షరాలతో ఉంటాయి. ఆర్టీసీలోనూ అంతే. సూపర్ లగ్జరీలు నాలుగు ఒకచోట ఆగితే ఏది ఏ డిపోదో దూరం నుంచి చెప్పలేం. పైగా సోడియం లైట్ల కింద లేత నీలం, తెలుపు, క్రీమ్ రంగులన్నీ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి.

ఇక బోర్డు సంగతి. బస్సు నెత్తిన వెలిగే ఎల్ఈడీ బోర్డు చాలా బస్సుల్లో ఇంజిన్ ఆపితే ఆరిపోతుంది. అద్దం వెనక పెట్టే రేకు బోర్డు ఉన్నా దాని మీద 'హైదరాబాద్ - మచిలీపట్నం' అని రెండు ఊళ్లూ ఉంటాయి. ఆ బోర్డు వెళ్లేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పెద్ద ప్రమాదం. హైవేలో డివైడర్ తెరిచి ఉన్న చోట కట్టిన పెద్ద హోటళ్లకు రెండు వైపుల బస్సులూ వస్తాయి. బందరు వెళ్లాల్సిన మనిషి బందరు నుంచి వస్తున్న బస్సు ఎక్కి, ఖాళీగా కనిపించిన బెర్తులో నిద్రపోతే తెల్లారేసరికి మళ్లీ ఎల్బీనగర్‌లో లేస్తాడు.

నంబర్ ప్లేట్ ఒక్కటే నమ్మకం.. అదీ పూర్తిగా చూస్తేనే

బస్సుతో పాటు కదిలేది, ఇంకో బస్సుకు ఉండనిది రిజిస్ట్రేషన్ నంబర్ ఒక్కటే. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. అందులో ముందు భాగం మీద ఆధారపడొద్దు. ఆర్టీసీ బస్సుల్లో జడ్ అక్షరం మామూలే కాబట్టి దాంతో తేడా తెలీదు. ప్రైవేటు బస్సులైతే ఏపీ, తెలంగాణతో పాటు నాగాలాండ్, అరుణాచల్ నంబర్లతోనూ తిరుగుతుంటాయి. బందరు వెళ్లే బస్సు మీద ఎన్ఎల్ అని ఉందని కంగారు పడక్కర్లేదు.

పనికొచ్చేది చివరి 4 అంకెలు. నాలుగూ గుర్తుండాలి. ట్రావెల్స్ వాళ్లు బస్సులు ఒకేసారి నాలుగైదు కొంటారు కాబట్టి నంబర్లు పక్కపక్కనే రావచ్చు. ఉదాహరణకు ఒకటి 4417 అయితే ఇంకోటి 4418. 'నలభై నాలుగు ఏదో' అని గుర్తు పెట్టుకుంటే ఆ రెండిట్లో తప్పుదే ఎక్కే అవకాశం ఉంది.

ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో నంబర్ ఉంది కదా అంటారా? ఉంటుంది, కానీ సంక్రాంతికో దసరాకో రద్దీ ఎక్కువైతే చివరి నిమిషంలో బస్సు మారుస్తారు. మెసేజ్ పాత బస్సు నంబర్‌తోనే ఉండిపోతుంది. అందుకే మెసేజ్‌ను కాకుండా దిగేటప్పుడు ప్లేటునే చూడాలి. ఆర్టీసీ టికెట్ మీద ఉండే సర్వీస్ నంబర్ వేరు, బస్సు నంబర్ వేరు. సర్వీస్ నంబర్ అంటే ఆ రూట్‌లో ఆ టైమ్‌కు నడిచే ట్రిప్పు. ఇవాళ ఒక బస్సు, రేపు ఇంకో బస్సు ఆ నంబర్ మీద తిరగొచ్చు. అయినా సర్వీస్ నంబర్ తెలిసి ఉండటం మంచిది. డ్రైవర్‌ను 'ఇది ఫలానా సర్వీసేనా' అని అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది.

ఫొటో తీసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోతుంది, కానీ ఫ్లాష్ ఆపేయాలి. ఇప్పుడు వచ్చే ప్లేట్లు వెలుగు పడితే మెరిసేలా తయారు చేసినవి. ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొడితే ఫొటోలో తెల్లటి వెలుగు తప్ప అంకెలు కనపడవు. ఫ్లాష్ లేకుండా కాస్త పక్కకు జరిగి తీయండి. తీశాక ఒకసారి పెద్దది చేసి అంకెలు చదవగలుగుతున్నారో లేదో అక్కడే చూసుకోండి. రెండో ఫొటో హోటల్ బోర్డుది. బస్సు తప్పిపోతే ఫోన్‌లో 'ఎక్కడున్నారు' అని అడిగినప్పుడు చెప్పడానికి అదే దిక్కు.

ఇంతకీ ఫోన్ చేతిలో ఉంటేనే ఇదంతా. ఛార్జింగ్ పెట్టి బెర్తులో వదిలేసి దిగేవాళ్లు ఎందరో. నంబర్, డ్రైవర్ ఫోన్, టికెట్ అన్నీ అందులోనే ఉంటాయి, అది మాత్రం బస్సులో ఉంటుంది! బ్యాటరీ 5 శాతం ఉన్నా సరే, ఫోన్ తీసుకునే దిగాలి. పెద్దవాళ్లను ఒంటరిగా బస్సెక్కించేటప్పుడు బస్సు నంబర్, డ్రైవర్ నంబర్ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టడం ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

లైవ్ ట్రాకింగ్ లింక్ ఉంది కదా అనే ధీమా కూడా ఇక్కడ కొంతవరకే. బస్సు హోటల్ దగ్గర ఉందా, వెళ్లిపోయిందా అన్నది అది చెబుతుంది. పక్కపక్కనే ఆగిన రెండు బస్సుల్లో మీది ఏదో చెప్పేంత కచ్చితత్వం దానికి ఉండదు.

'ఇరవై నిమిషాలు' అంటే ఎప్పటి నుంచి?

బస్సు ఆగగానే డ్రైవరో క్లీనరో ఓ కేక వేస్తాడు. "ఇరవై నిమిషాలండీ, డిన్నర్, టీ.." అంతే. నిద్రమత్తులో ఉన్నవాళ్లకు అది వినపడదు. విన్నవాళ్లు కూడా తాము దిగిన దగ్గర్నుంచి లెక్క వేసుకుంటారు. డ్రైవర్ లెక్క మాత్రం బండి ఆపిన దగ్గర్నుంచి.

ఒక ప్రయాణం లెక్క వేసి చూద్దాం. అవనిగడ్డ వెళ్లే స్లీపర్ బస్సు రాత్రి 10కి ఎల్బీనగర్ దాటి, 11.20కి హోటల్ దగ్గర ఆగిందనుకోండి. 20 నిమిషాలంటే 11.40కి తీస్తారు. వెనక బెర్తులో మనిషి లేచి, చెప్పులు వెతుక్కుని, ముందువాళ్లంతా దిగాక దిగేసరికి 11.25. బాత్రూమ్ దగ్గర క్యూ, 11.31. కౌంటర్‌లో టోకెన్ తీసుకునేసరికి 11.34. ఇప్పుడు దోశో, ఫ్రైడ్ రైసో, రోటీయో చెబితే అది అప్పటికప్పుడు చేయాల్సిందే. ప్లేటు చేతికొచ్చేసరికి 11.42. అంటే అప్పటికే బస్సు తీసే టైమ్ దాటింది. ఆ మనిషి లెక్కలో మాత్రం ఇంకా 3 నిమిషాలు ఉంది!

అదే మనిషి టోకెన్ తీసుకునేటప్పుడు వాచ్ చూసి ఇడ్లీయో, పెరుగన్నమో, అప్పటికే వండి ఉన్న బిర్యానీయో పార్సిల్ కట్టించుకుంటే 11.38కల్లా సీట్లో ఉంటాడు. హాల్ట్‌లో ఏం తినాలనేది రుచిని బట్టి కాదు, ఏది రెడీగా ఉందన్నదాన్ని బట్టి తేల్చుకోవాల్సిన వ్యవహారం. కాస్త చేదుగా ఉన్నా అదే నిజం.

అందుకే డ్రైవర్‌ను అడిగే ప్రశ్న మార్చాలి. "అన్నా, ఎంతసేపు ఆపుతారు?" అంటే "పావుగంట, ఇరవై నిమిషాలు" అని గాల్లో మాట చెబుతాడు. "అన్నా, ఎన్నింటికి తీస్తారు?" అని అడిగితే అతను కూడా టైమ్ చూసుకుని "పదకొండూ నలభై" అంటాడు. ఆ మాట ఇద్దరికీ గుర్తుంటుంది. దానికి 5 నిమిషాలు ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు. హోటల్ గోడ గడియారాన్ని మాత్రం నమ్మొద్దు.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. చాలా హోటళ్లలో బస్సు సిబ్బందికి భోజనం వేరే గదిలో పెడతారు. ప్రయాణికులు కూర్చునే హాల్లో డ్రైవర్ కనిపించకపోతే అతను వెళ్లిపోయాడని కాదు, పక్క గదిలో తింటున్నాడని. తిని బయటికొచ్చి చెయ్యి కడుక్కున్నాడంటే ఇక రెండు మూడు నిమిషాలే. అయితే ఇందులోనూ ఓ మెలిక ఉంది. రాత్రి బస్సుల్లో ఇద్దరు డ్రైవర్లు ఉండటం మామూలే, హాల్ట్ దగ్గర మారుతుంటారు. ఇక్కడి దాకా నడిపిన మనిషి నింపాదిగా సిగరెట్ వెలిగించాడని మీరూ నింపాదిగా ఉంటే రెండో డ్రైవర్ అప్పటికే సీటెక్కి ఉండొచ్చు. దిగేటప్పుడు ఇద్దరి మొహాలూ ఒకసారి చూసుకోవడం మంచిది. హారన్ విని పరిగెత్తుదామంటే, అక్కడ నిమిషానికో హారన్ మోగుతుంది. అది ఎవరిదో ఎవరికి తెలుసు?

మనిషి లేకుండానే బస్సు ఎలా కదులుతుంది?

తీసే ముందు క్లీనర్ ఒకసారి లోపల నడిచి తలలు లెక్కపెడతాడు. సీటర్ బస్సులో ఖాళీ సీటు కంటికి కనపడుతుంది. స్లీపర్‌లో అలా కాదు. కర్టెన్ వేసి ఉందంటే లోపల మనిషి పడుకున్నాడనే అనుకుంటాడు. అర్ధరాత్రి కర్టెన్ తీసి చూస్తే, అదీ ఆడవాళ్ల బెర్తు అయితే గొడవ. అందుకే చూడడు. "అందరూ వచ్చారా?" అని ఒక మాట అడుగుతాడు. పక్కవాళ్లు నిద్రలో "ఆ.." అంటారు. బస్సు కదులుతుంది.

ఒంటరిగా వెళ్తూ, కర్టెన్ మూసి దిగే వ్యక్తే ఎక్కువగా దొరికిపోయేది ఇందుకే. దీనికి మందు తేలిక. దిగేటప్పుడు కర్టెన్ పూర్తిగా తెరిచి, దుప్పటి మడతపెట్టి దిగండి. బెర్తు ఖాళీ అని చూడగానే తెలియాలి. ఎదురు బెర్తు వాళ్లకు ఒక మాట చెప్పండి: "పిన్నిగారూ, కిందికెళ్లొస్తున్నా, నేను రాకపోతే ఆపమనండి". క్లీనర్‌కు కూడా సీట్ నంబర్‌తో సహా చెప్పాలి. "తమ్ముడూ, ఎల్ 7 నేను కిందే ఉన్నా" అంటే అతనికి గుర్తుంటుంది, "నేను రాలేదు" అన్నది ఎవరికీ గుర్తుండదు. దూరప్రాంత ఆర్టీసీ సర్వీసుల్లో చాలావాటికి కండక్టర్ ఉండరు, టికెట్ మిషన్ కూడా డ్రైవరే చూసుకుంటారు. అక్కడ లెక్క చూసేదీ ఆయనే కాబట్టి ఆయనకే చెప్పాలి.

తిరిగి ఎక్కాక కూడా పని ఒకటి మిగిలి ఉంటుంది. పడుకునే ముందు మీ బ్యాగు, దుప్పటి, చెప్పులు అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి. ఖాళీ బెర్తు కనపడింది కదా అని వాలిపోవడంతోనే తప్పు బస్సు కథలు మొదలవుతాయి.

వెళ్లిపోతే ఏం చేయాలి?

ఆగి ఉన్న బస్సుల మధ్య వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టుకోవద్దు. హైవే మీదకు పరిగెత్తడం అసలే వద్దు. చీకట్లో మిమ్మల్ని లారీ డ్రైవర్ చూడలేడు. ముందు డ్రైవర్‌కు ఫోన్ చేయండి. ఎత్తకపోతే టికెట్ మీద ఉన్న ఆఫీసు నంబర్‌కు. అదీ లేకపోతే హోటల్ కౌంటర్ దగ్గరికి, లేదా పార్కింగ్ చూసే వాచ్‌మన్ దగ్గరికి వెళ్లండి. రోజూ ఆగే బస్సుల డ్రైవర్ల నంబర్లు వాళ్ల దగ్గర ఉంటుంటాయి. వాళ్లు చేస్తే డ్రైవర్లు ఫోన్ ఎత్తుతారు.

ఫోన్ కలిసినా బస్సు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డులో పెద్ద బస్సు తిరగాలంటే చాలా దూరం పోవాలి. అడగాల్సింది 'వెనక్కి రండి' అని కాదు, 'ముందు ఎక్కడ ఆపుతారు' అని. వెలుతురు, జనం, ఆగడానికి చోటు ఉండేది టోల్‌ప్లాజా దగ్గర. విజయవాడ వైపు వెళ్తూ చౌటుప్పల్ దగ్గరి పంతంగి ప్లాజా దాటాక, నార్కట్‌పల్లి పరిసరాల్లో బస్సు తప్పితే ముందు వచ్చేది కొర్లపహాడ్ ప్లాజా. సూర్యాపేట దాటాక తప్పితే జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. వెనక వచ్చే అదే ట్రావెల్స్ బస్సులో ఎక్కించి ఆ ప్లాజా దగ్గర కలపమని ఆఫీసును అడగాలి. ఆర్టీసీ బస్సు తప్పితే వెనక వచ్చే ఆర్టీసీ డ్రైవర్‌కు టికెట్ చూపించి సంగతి చెప్పొచ్చు. ఎక్కించుకోవడం సీటు ఖాళీని బట్టి, వాళ్ల నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. తెలియని కారులో లిఫ్ట్ అడిగి బస్సును వెంబడించడం కన్నా హోటల్లో వెలుతురులో కూర్చుని ఇంకో బస్సు చూసుకోవడం మేలు. భయంగా అనిపిస్తే 112కి, హైవే మీద సాయం కావాలంటే 1033కి ఫోన్ చేయొచ్చు.

బస్సు దొరక్కపోతే సామాను సంగతి అప్పుడే తేల్చేయాలి. సీట్ నంబర్, బ్యాగు రంగు, అది బెర్తులో ఉందా డిక్కీలో ఉందా డ్రైవర్‌కు చెప్పి, ఏ ఊళ్లో ఎవరికి ఇవ్వాలో చెప్పండి.

ఒకవేళ తప్పు బస్సులో ఎక్కేశారని కాసేపటికి తెలిసిందనుకోండి. ఎదురు దిశలో పోతున్నది అయితే వెంటనే చెప్పి, వచ్చే టోల్‌ప్లాజా దగ్గరే దిగిపోవాలి. మన వైపే వెళ్తున్న ఇంకో ఊరి బస్సు అయితే అంత కంగారు లేదు. విజయవాడ దాకా దారి ఒకటే. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో దిగితే తెల్లవారుజాము నుంచి బందరుకు, గుడివాడకు, అవనిగడ్డకు బస్సులు దొరుకుతాయి. విజయవాడ కూడా నిద్రలో దాటిపోతే ఆఖరి అవకాశం పామర్రు. బందరు రోడ్డులో ఉయ్యూరు దాటాక వచ్చే ఈ సెంటర్‌లో దారులు మూడుగా చీలతాయి. నేరుగా మచిలీపట్నం, ఎడమకు గుడివాడ, కుడికి కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ. కానీ అన్ని బస్సులూ పామర్రు రావు. గుడివాడ బస్సు కొన్నిసార్లు కంకిపాడు దగ్గరే తిరిగిపోతుంది, దివిసీమ బస్సు కృష్ణా కరకట్ట మీదుగా వెళ్లిపోవచ్చు. అందుకే విజయవాడ వచ్చేలోపే డ్రైవర్‌ను అడగాలి: "ఈ బండి పామర్రు మీదుగా పోతుందా?"